టెస్ట్ మ్యాచ్‌లో వాన పడితే డ్రా ఛాన్స్ ఎంత, సెషన్ లైన్ ఎంత: ఓల్డ్ ట్రాఫర్డ్ 2023తో లెక్క మొత్తం

టెస్ట్ మ్యాచ్ మధ్యలో వాన వచ్చిందంటే చాలు గ్రూపుల్లో ఒకటే మాట, "ఇక డ్రానే, పడుకోండి". ఇంకొకడు వచ్చి "ఇంకా రోజున్నర ఉంది కదా, ఆరు వికెట్లు తీయలేరా" అంటాడు. ఇద్దరూ ఊహ మీదే మాట్లాడతారు. నిజానికి దీన్ని కాగితం మీద పది నిమిషాల్లో లెక్క వేసుకోవచ్చు. నేను చాలా ఏళ్లుగా ఒక నోట్‌బుక్ పెట్టుకుని ప్రతి వాన టెస్ట్‌కీ ఇదే చేస్తున్నా. పేజీకి నాలుగు గళ్లు: మిగిలిన టైమ్, మిగిలిన ఓవర్లు, కావాల్సిన వికెట్లు, ఎవరికి టైమ్ కావాలి. దాన్నే ఇక్కడ స్టెప్పుల వారీగా చెప్తా.

ముందే ఒక మాట. సెషన్ లైన్ అంటే నేను ఇక్కడ చెప్పేది ఒక అంచనా గీత మాత్రమే, అంటే ఈ సెషన్‌లో పరుగులు దీనికి పైన రావడానికీ కింద రావడానికీ సగం సగం ఛాన్స్ ఉన్న నంబర్. పందేల కోసం కాదు. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రాలో 2020 నుంచి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు చట్టం ప్రకారం నేరం, 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. ఇది మ్యాచ్‌ని చదవడం కోసం.

మనం తీసుకునే మ్యాచ్ ఇంగ్లండ్, ఆస్ట్రేలియా ఆడిన 2023 యాషెస్ సిరీస్‌లో నాలుగో టెస్ట్, మాంచెస్టర్ ఓల్డ్ ట్రాఫర్డ్, జూలై 19 నుంచి 23. ఆస్ట్రేలియా మొదటి ఇన్నింగ్స్ 90.2 ఓవర్లలో 317. ఇంగ్లండ్ 592, క్రాలీ 182 బంతుల్లో 189 కొట్టేశాడు, బెయిర్‌స్టో 99 దగ్గర నాటౌట్‌గా ఉండిపోయాడు. మూడో రోజు ఆట ముగిసేసరికి ఆస్ట్రేలియా రెండో ఇన్నింగ్స్ 41 ఓవర్లలో 113కి 4, ఇంకా 162 వెనక. సిరీస్‌లో ఆస్ట్రేలియా 2-1 ముందుంది, అంటే వాళ్లకి డ్రా అయితే చాలు, యాషెస్ వాళ్ల దగ్గరే ఉంటుంది. ఇంగ్లండ్‌కి గెలుపు తప్ప దారి లేదు. శని, ఆదివారాలు రెండిటికీ వాన సూచన గట్టిగా ఉంది.

స్టెప్ 1: గడియారాన్ని ఓవర్లలోకి మార్చు

రూల్ ప్రకారం గంటకి 15 ఓవర్లు, రోజుకి 90. వాన వల్ల టైమ్ పోతే ప్రతి 4 నిమిషాలకీ ఒక ఓవర్ తీసేస్తారు, ఇదొక్కటి గుర్తుంటే మిగతాది ఈజీ. గంటా ఇరవై నిమిషాలు పోతే 20 ఓవర్లు పోయినట్టు. ఇన్నింగ్స్ మారితే 10 నిమిషాల గ్యాప్, దానికి రెండు ఓవర్లు కట్. పోయిన టైమ్‌లో కొంత ఆ రోజు చివర్లో కలుపుతారు, కొన్నిసార్లు మర్నాడు అరగంట ముందే మొదలుపెడతారు, కానీ ఎంత కలుస్తుందనేది ఆ సిరీస్ ప్లేయింగ్ కండిషన్స్‌నీ, ముఖ్యంగా ఆ ఊరి వెలుతురునీ బట్టి ఉంటుంది. ఇంగ్లండ్‌లో జూలైలో సాయంత్రం ఏడింటికీ సూర్యుడు ఉంటాడు. మన దగ్గర చలికాలంలో కలిపిన టైమ్ కాగితం మీదే ఉంటుంది, ఐదింటికల్లా వెలుతురు చాలకుండా పోతుంది.

వెలుతురు గురించి ఒక విషయం చాలామందికి తెలీదు. అంపైర్లు ఒకసారి లైట్ మీటర్ చూసి ఆట ఆపారంటే ఆ రీడింగే మిగతా మ్యాచ్ అంతటికీ కొలత అయిపోతుంది. కాబట్టి మొదటి రోజు ఏ టైమ్‌కి, ఎలాంటి మబ్బుకి ఆపారో రాసి పెట్టుకోండి. నాలుగో రోజు అదే మబ్బు వస్తే మళ్లీ ఆగుతుందని మీకు ముందే తెలుస్తుంది.

ఇప్పుడు ఓల్డ్ ట్రాఫర్డ్. వాన లేకపోతే రెండు రోజులకి 180 ఓవర్లు. వాన సూచన చూశాక ఎన్ని ఓవర్లు అని రాయాలి? ఇక్కడే నేను తప్పు చేశాను. రాడార్ చూసి, సగటు తీసి, "ఒక 39 ఓవర్లు పడతాయి" అని ఒక్క నంబర్ రాసుకున్నా. ఒక్క నంబర్ ఎందుకు పనికిరాదో స్టెప్ 3లో వస్తుంది, అప్పటిదాకా పక్కన పెట్టండి. రాయాల్సింది ఇలా, ఇవి నా అంచనాలే:

అసలు ఆటే లేకపోవడం, 25 శాతం. 30 ఓవర్లు దాకా, 35 శాతం. 60 ఓవర్లు దాకా, 25 శాతం. 90 లేదా పైన, 15 శాతం.

స్టెప్ 2: ఒక వికెట్‌కి ఎన్ని ఓవర్లు ఖర్చు

డ్రా అవుతుందా లేదా అనేది పరుగుల ప్రశ్న కాదు, వికెట్ల ప్రశ్న. ఉన్న ఓవర్లలో కావాల్సిన వికెట్లు పడతాయా అన్నదే. ఇంగ్లండ్‌కి ఇంకా 6 వికెట్లు కావాలి. ఆస్ట్రేలియా మొదటి ఇన్నింగ్స్‌లో పది వికెట్లకి 90.2 ఓవర్లు, రెండో ఇన్నింగ్స్‌లో నాలుగు వికెట్లకి 41. కలిపితే 14 వికెట్లకి 131.2 ఓవర్లు, వికెట్‌కి తొమ్మిదిన్నర ఓవర్ల దగ్గర. క్రీజులో లబుషేన్ సెటిల్ అయి ఉన్నాడు, తోడుగా మిచెల్ మార్ష్, తర్వాత గ్రీన్ ఉన్నాడు, పైగా వాళ్లకి కొట్టాల్సిన తొందర లేదు, కాబట్టి నేను 10 అని పెట్టుకున్నా.

కెరీర్ యావరేజ్‌లు ఇక్కడ వాడకండి. ఆ మ్యాచ్‌లో, ఆ పిచ్ మీద, ఆ బౌలర్లకి ఎంత పడుతోందో అదే వాడాలి. ఇంకోటి, బ్యాటింగ్ టీమ్ డ్రా కోసం ఆడుతుంటే ఖర్చు పెరుగుతుంది. 2021 సిడ్నీ ఎవరు మర్చిపోతారు. మన విహారి తొడ కండరం పట్టేసి పరిగెత్తలేక, 161 బంతులు ఆడి 23 నాటౌట్, అటువైపు అశ్విన్ 128 బంతుల్లో 39 నాటౌట్. ఆ చివరి రోజు ఇండియా 97 ఓవర్లు ఆడి మూడు వికెట్లే ఇచ్చింది. అక్కడ వికెట్ ఖర్చు 32 ఓవర్లు! పది అని పెట్టుకుని కూర్చున్నవాడికి ఆ రోజు ఆస్ట్రేలియానే గెలిచినట్టు కనిపించేది.

స్టెప్ 3: ఛాన్స్ లెక్కపెట్టు

దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు, ఫోన్‌లో ఉండే షీట్ చాలు. 60 ఓవర్లలో, వికెట్‌కి 10 ఓవర్ల చొప్పున, కనీసం 6 వికెట్లు పడే ఛాన్స్ కావాలంటే ఇలా కొట్టండి:

```
=1-POISSON.DIST(5,60/10,TRUE)
```

ఇందులో 5 అంటే కావాల్సిన వికెట్ల కంటే ఒకటి తక్కువ, 60 మిగిలిన ఓవర్లు, 10 వికెట్ ఖర్చు. జవాబు 0.554, అంటే 55 శాతం. చూశారా, సగటున ఆరు వికెట్లకి సరిగ్గా సరిపడే ఓవర్లు ఉన్నా పని అయ్యే ఛాన్స్ సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. 60 దగ్గర 30 పెడితే 8 శాతం. 90 పెడితే 88 శాతం. అసలు ఆటే లేకపోతే సున్నా.

ఇప్పుడు ఒక్కో సీన్‌కి మనం ఇచ్చిన శాతంతో గుణించి కలపండి. 30 ఓవర్ల సీన్ నుంచి 3, 60 నుంచి 14, 90 నుంచి 13. మొత్తం 30 శాతం. అంటే నాలుగో రోజు పొద్దున్న ఇంగ్లండ్ గెలుపు 30, డ్రా 70 దగ్గర. ఆస్ట్రేలియా గెలిచే ఛాన్స్ ఉంది గానీ అంత వెనకబడి, అంత తక్కువ టైమ్‌లో అది లెక్కలోకి రానంత చిన్నది.

ఇక నా తప్పు. ఆ నాలుగు సీన్ల సగటు తీస్తే సరిగ్గా 39 ఓవర్లే వస్తుంది. ఆ 39ని ఫార్ములాలో పెడితే వచ్చేది 20 శాతం. అదే వాన సూచన, అదే పిచ్, అయినా 10 శాతం తేడా! ఎందుకంటే వాన ఓవర్లని మధ్యలో ఉంచదు, పడితే మొత్తం పోతాయి, తెరిపి ఇస్తే చాలా మిగులుతాయి. గెలుపంతా ఆ తెరిపి ఇచ్చే సీన్లలోనే ఉంటుంది, సగటు తీస్తే వాటిని చంపేసినట్టే. కనీసం మూడు సీన్లు లేకుండా డ్రా శాతం రాయకండి.

స్టెప్ 4: సెషన్ లైన్

ఆ శనివారం పొద్దుటి సెషన్ మొత్తం కొట్టుకుపోయింది. అక్కడ మధ్యాహ్నం 2:45కి, అంటే మనకి రాత్రి 7:15కి, ఆట మొదలైంది. నేను అన్నం పక్కన పెట్టి మరీ నోట్‌బుక్ తీశా.

లైన్‌కి మూడు ముక్కలే: సెషన్‌లో ఎన్ని నిమిషాలు, అందులో నిజంగా ఎన్ని ఓవర్లు పడతాయి, ఓవర్‌కి ఎన్ని పరుగులు. రెండో ముక్క దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. రెండు గంటల సెషన్ అంటే 30 ఓవర్లు అని రాసేస్తారు, కానీ నలుగురు పేసర్లు వేస్తుంటే, మధ్యలో డీఆర్ఎస్‌లు, మంచినీళ్లు, గ్లవ్స్ మార్చుకోవడాలు, పడేవి 25, 26 ఓవర్లే. తక్కువ పడినవి రోజు చివరి అరగంటలోకి వెళ్తాయి. అందుకే మామూలు రోజుల్లో మొదటి రెండు సెషన్ల లైన్ జనం అనుకునేదాని కంటే తక్కువ ఉండాలి, చివరి సెషన్‌ది ఎక్కువ ఉండాలి. స్పిన్ రెండు వైపులా ఉంటే మాత్రం 32, 33 కూడా పడతాయి.

ఆ రోజు ఏమైందంటే, మబ్బు వల్ల పేస్ వేయడానికి వెలుతురు చాలదని అంపైర్లు చెప్పారు, దాంతో మొయిన్ అలీ, జో రూట్ స్పిన్ వేయాల్సి వచ్చింది. అది చూడగానే రెండు గళ్లు మార్చాలి. ఒకటి, ఓవర్లు వేగంగా పడతాయి. రెండు, మార్క్ వుడ్ లాంటి పేసర్ లేని దాడికి వికెట్ ఖర్చు పెరుగుతుంది, నేను 10ని 15 చేశా. పరుగుల రేట్ 3.2 అనుకుంటే, 30 ఓవర్లకి లైన్ 96. జరిగింది 30 ఓవర్లలో 101 పరుగులు, ఒకే వికెట్. లబుషేన్ 111 కొట్టి రూట్ బౌలింగ్‌లోనే అవుటయ్యాడు, స్కోర్ 214కి 5. 30 ఓవర్లలో ఒకటి లేదా సున్నా వికెట్లు పడే ఛాన్స్ పాత ఖర్చుతో 20 శాతం, 15 పెట్టుకుంటే 41 శాతం. ఆశ్చర్యపోవాల్సింది ఏమీ లేదన్నమాట, వెలుతురు గడి ఒక్కటి సరిగ్గా నింపితే.

లైన్ 96 అన్నా అది తాడు కట్టిన గీత కాదు. 30 ఓవర్ల సెషన్‌లో 20 పరుగులు అటూ ఇటూ పోవడం మామూలు, 5 పరుగుల తేడా చూసి "కరెక్ట్‌గా చెప్పా" అని నేను అనుకోను.

వాన మధ్యలో వచ్చేలా ఉంటే లైన్‌ని ఎలా తగ్గించాలి? ఇక్కడా అదే జబ్బు. ఉదాహరణకి పూర్తి ఆట పడే ఛాన్స్ 40 శాతం, సగం ఆట 30, అసలు లేకపోవడం 30 అనుకోండి. పరుగులు 96, 48, 0. సగటు 53 వస్తుంది, మధ్య గీత మాత్రం 48 దగ్గర ఉంటుంది, ఎందుకంటే కింద నుంచి లెక్కపెడితే 48 చేరేసరికే 60 శాతం అయిపోయింది. కానీ నిజం చెప్పాలంటే ఈ రెండూ సరిగ్గా దేన్నీ చెప్పవు. నేను చేసేది ఏంటంటే, లైన్‌ని ఓవర్లతో కలిపే రాస్తా: "30 పడితే 96, 15 పడితే 48, పూర్తి ఆట పడే ఛాన్స్ 40". వాన వచ్చాక ఎవరూ కొత్తగా లెక్క వేయక్కర్లేదు, పడిన ఓవర్లని బట్టి గీత దానంతట అదే కిందకి దిగుతుంది.

స్టెప్ 5: ఎవరికి టైమ్ కావాలి

ఇది నాలుగో గడి, మిగతా మూడింటినీ తలకిందులు చేసేది ఇదే. టైమ్ తగ్గినప్పుడు పరుగుల రేట్ ఒకే వైపు వెళ్లదు. డ్రా కావాల్సినవాళ్లు బ్యాటింగ్ చేస్తుంటే పడిపోతుంది, సిడ్నీ చివరి రోజు 97 ఓవర్లకి 236, ఓవర్‌కి రెండున్నర కూడా లేదు. గెలుపు కావాల్సినవాళ్లు బ్యాటింగ్ చేస్తుంటే ఎగిరిపోతుంది.

ఎంత ఎగురుతుందో కాన్పూర్ చూపించింది, 2024లో, బంగ్లాదేశ్ మీద. మొదటి రోజు 35 ఓవర్లే పడ్డాయి, బంగ్లాదేశ్ 107కి 3. రెండో రోజు, మూడో రోజు ఒక్క బంతి పడలేదు. నాలుగో రోజు పొద్దున్న నా లెక్క ఇది: రెండు రోజులకి 180 ఓవర్లు, మూడుసార్లు ఇన్నింగ్స్ మారాలి కాబట్టి 6 తీసేస్తే 174. ఇండియాకి 17 వికెట్లు కావాలి, స్వదేశంలో వికెట్‌కి ఏడున్నర ఓవర్లు అనుకుంటే 128. మిగిలింది 46 ఓవర్లు, అందులోనే ఇండియా రెండు ఇన్నింగ్స్‌లూ ఆడి బంగ్లాదేశ్ మొత్తం స్కోర్ దాటాలి. వాళ్లు రెండూ కలిపి 400 కొడతారనుకుంటే ఓవర్‌కి 8.7 కావాలి. టెస్టుల్లో ఎవరు కొడతారు? డ్రా 85 శాతం పైనే అని రాశా.

తర్వాత జరిగింది అందరికీ తెలుసు. ఇండియా 3 ఓవర్లలో 50, 10.1 ఓవర్లలో 100, టెస్ట్ చరిత్రలో ఏ టీమ్‌కైనా అవే ఫాస్టెస్ట్. 34.4 ఓవర్లలో 285కి 9, కేవలం 52 లీడ్‌తో డిక్లేర్. ఆ సాయంత్రమే 11 ఓవర్లలో రెండు వికెట్లు తీశారు. మర్నాడు బంగ్లాదేశ్ 146 ఆలౌట్, ఇండియా 17.2 ఓవర్లలో 98కి 3, ఏడు వికెట్ల గెలుపు. ఇండియా రెండు ఇన్నింగ్స్‌లూ కలిపి ఆడింది సరిగ్గా 52 ఓవర్లు, 383 పరుగులు. నేను ఇచ్చిన 46కి ఎంత దగ్గరో చూడండి. టైమ్ గడి తప్పలేదు. తప్పింది రేట్ గడి, నేను మామూలు టెస్ట్ రేట్‌తో ఆలోచించి కూర్చున్నా, వాళ్లు 7.4తో ఆడారు. ఇంకోటి, 17 వికెట్లూ 86.2 ఓవర్లలోనే వచ్చేశాయి, ఒక్కోదానికి ఐదు ఓవర్ల చిల్లర.

దీన్ని ముందే పట్టుకోగలమా? పొద్దున్నే కాదు గానీ ఇండియా మొదటి మూడు ఓవర్లలో పట్టుకోవచ్చు. రోహిత్ ఆడిన మొదటి రెండు బంతులూ సిక్సర్లు. అది ఫామ్ కాదు, నిర్ణయం. అలాంటిది కనిపించిన క్షణమే సెషన్ లైన్‌లో రేట్‌ని రెట్టింపు చేసి, డ్రా శాతాన్ని మళ్లీ మొదటి నుంచి వేయాలి, ఉన్న దాన్ని కొంచెం కొంచెం దించితే మ్యాచ్ అయిపోయేదాకా వెనకే ఉంటాం. ఇక్కడే ఒక చిన్న రూల్, మొదటి రోజు పూర్తిగా కొట్టుకుపోతే ఫాలో ఆన్ గీత 200 నుంచి 150కి దిగుతుంది. కాన్పూర్‌లో మొదటి రోజు 35 ఓవర్లు పడ్డాయి కాబట్టి ఆ సడలింపు రాలేదు.

స్టెప్ 6: ప్రతి బ్రేక్‌కీ మళ్లీ

ఓల్డ్ ట్రాఫర్డ్‌కి తిరిగి వద్దాం. నాలుగో రోజు 30 ఓవర్లతోనే ముగిసింది. ఆస్ట్రేలియా 61 వెనక, 5 వికెట్లు ఉన్నాయి. చివరి రోజుకి సూచన ఇంకా ఘోరం. నేను రాసింది: ఆట లేకపోవడం 60 శాతం, 30 ఓవర్లు 20, 60 ఓవర్లు 20. పేస్ మళ్లీ వేయనిస్తారని ఖర్చు 10కి తెచ్చా. 5 వికెట్ల ఛాన్స్ 30 ఓవర్లలో 18 శాతం, 60లో 71. కలిపితే 18 శాతం. కానీ ఆస్ట్రేలియా ఆ 61 దాటిపోతే ఇంగ్లండ్ మళ్లీ బ్యాటింగ్ చేయాలి, దానికి రెండు ఓవర్లు కట్, ఛేజ్‌కి ఇంకొన్ని, అందుకని 15కి దించా. డ్రా 85. ఆదివారం ఒక్క బంతి పడలేదు. ఆస్ట్రేలియా యాషెస్ నిలబెట్టుకుంది, సిరీస్ చివరికి 2-2.

ఇక చివరి గంట. అందులో కనీసం 15 ఓవర్లు వేయాలని రూల్, కానీ గెలుపు సాధ్యం కాదనుకుంటే ఇద్దరు కెప్టెన్లూ చేతులు కలిపి ఆపేయొచ్చు, అప్పుడు మిగిలిన ఓవర్లు మాయం. కాబట్టి డ్రా 95 దాటాక చివరి సెషన్ లైన్‌లో ఆ 15 ఓవర్లూ పూర్తిగా వేసుకోకండి. 2025లో ఇదే మాంచెస్టర్‌లో ఇండియాతో ఆడుతూ ఇంగ్లండ్ కెప్టెన్ స్టోక్స్ చివరి గంట మొదట్లో డ్రా చేసుకుందామని చేయి చాపాడు, జడేజా 89, సుందర్ 80 మీద ఉన్నారు, ఒప్పుకోలేదు. బ్రూక్ చేత బౌలింగ్ వేయించారు, పరుగులు గబగబా వచ్చాయి, ఇద్దరికీ సెంచరీలు అయ్యాయి, 143 ఓవర్లకి 425కి 4 దగ్గర చేతులు కలిపారు. రోజంతా నింపాదిగా సాగిన రేట్‌తో ఆ చివరి ముక్కకి లైన్ వేసి ఉంటే రెండు వైపులా తప్పేది, ఓవర్లు తక్కువ పడ్డాయి, ఓవర్‌కి పరుగులు ఎక్కువ వచ్చాయి. అందుకే చివరి గంటకి ముందు ఇప్పుడు నా నోట్‌బుక్‌లో ఐదో గడి ఒకటి ఉంది, క్రీజులో ఎవరు 80 దాటారు అని.